మూడున్నర సెకన్ల వెటకారం

కొత్తలంకలో ఎవరినైనా ఆటపట్టించాలంటే ముందు మెడ దగ్గరున్న పసుపు బొత్తం నొక్కాలి. "టింగ్" అని చిన్న గంట మోగుతుంది. రాబోయేది సరదా మాట, మనసులో పెట్టుకోవద్దు అని దాని అర్థం. గంట విన్న మనిషి ముందే ఒక నవ్వు సిద్ధం చేసుకుంటాడు, మాట రాగానే దాన్ని మొహానికి తగిలించుకుంటాడు, ఇద్దరూ ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఇంతకన్నా చప్పిడి వేళాకోళం మనుషుల చరిత్రలో ఇంకెక్కడైనా ఉంటుందా అంటే, ఉండదనే చెప్పాలి.

అలాగని గంట మానేస్తే కొంపలు అంటుకుంటాయి. మొన్నామధ్య నీళ్ళ విభాగంలో ఒకాయన బొత్తం నొక్కడం మరిచిపోయి పక్కాయనతో, "మీ ఆవిడ వంట తిని ఇన్నాళ్ళు బతికావంటే గట్టివాడివే," అన్నాడు. సాయంత్రానికి రెండు కుటుంబాలకీ మాటల్లేవు. వెటకారానికి పేరుపడ్డ గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు కలిపి పదకొండు వందల మంది అంగారకుడి మీద కట్టుకున్న ఊరండీ అది! అక్కడ వెటకారానికి గంట కావలసి వచ్చింది.

కారణం గాలి. ఊరంతా ఒక పాత లావా సొరంగంలో ఉంటుంది. గదికీ గదికీ మధ్య గట్టి తలుపులు, గదుల్లోనూ నడవల్లోనూ మాట మోయనంత పలచని గాలి, అందరి తలకీ శిరస్త్రాణాలు. ఎదురుగా నిలబడ్డ మనిషితో మాట్లాడాలన్నా మాట వాణివల అనే రేడియో నెట్‌వర్క్ గుండా పోవలసిందే. ఆ వలలో ఒక యంత్రం కూర్చుని ఉంది. దాని పేరు మౌనహరణి. మీరు మాట బొత్తం నొక్కి మాట్లాడి వదలగానే అది మీ మాటను చిన్న చిన్న పొట్లాలుగా, అంటే ప్యాకెట్లుగా కడుతుంది. శబ్దం లేని పొట్లాలన్నీ ఏరి పారేస్తుంది. మిగిలినవి ఒకదానికొకటి అతికించి అవతలికి పంపుతుంది. మనిషి మాటలో దాదాపు సగం నిశ్శబ్దమే కాబట్టి ఒక్కటే రేడియో గోపురం ఉన్న ఊళ్ళో ఇది పెద్ద ఆదా. అది వచ్చాక ఆస్పత్రి పిలుపు ఒక్కటి కూడా లైను దొరక్క ఆగిపోలేదు.

దాన్ని చేసింది అలివేణి. దానివల్ల కాపురం పోగొట్టుకున్నదీ అలివేణే.

ఇప్పుడు ఊరికి రెండో గోపురం వచ్చింది. నిశ్శబ్దాన్ని మోసుకెళ్ళడానికి చోటుంది. అందుకని సంఘం వాళ్ళు అలివేణినే పిలిచి కొత్త యంత్రం చెయ్యమన్నారు. ఆవిడ దానికి విరామవాహిని అని పేరు పెట్టింది. బొత్తం నొక్కక్కర్లేదు, లైను రెండు వైపులా తెరిచే ఉంటుంది, మాటలతోపాటు మధ్యలో ఊపిరీ, ఖాళీ కూడా ఉన్నంత పొడవునా చేరతాయి.

దాన్ని పరీక్షించడానికి ఆవిడకు తోడుగా ఉన్నది నసీమా. ఇరవై రెండేళ్ళ ఇంజనీరు, కొత్తలంకలోనే పుట్టింది. చెవి చురుకు, చెయ్యి చురుకు. కానీ ఊహ తెలిసిన దగ్గర్నుంచీ విన్నదంతా అతికించిన మాటే కాబట్టి వేళాకోళం అంటే దానికి గంట మాత్రమే.

"అక్కా, నాకొకటి అర్థం కాదు," అంది ఒకరోజు ప్రయోగశాలలో; శిరస్త్రాణాలు తీసేసేంత గాలి పరీక్షల కోసం ఆ గదిలో మాత్రమే నింపారు. "మాటల్లో ఏమీ మారలేదు కదా. అక్షరం కూడా పోలేదు. ఖాళీ పోతే చురక ఎందుకు పోతుంది?"

అలివేణి చెప్పకుండా వినిపించింది. మౌనహరణికి ముందటి రికార్డు, గాలి నింపిన పెళ్ళి గుడారంలో నేరుగా పట్టింది. కొత్తలంకలో జరిగిన మొట్టమొదటి పెళ్ళి, అలివేణి అక్కది. పెద్దవాళ్ళు పట్టుబట్టి బంతి భోజనాల దగ్గర వియ్యాలవారి ఎత్తిపొడుపులు పెట్టించారు. ఆడపెళ్ళివారి తరఫున ఒకరు, మగపెళ్ళివారి తరఫున ఒకరు, ఆకుల ముందు కూర్చుని ఒకరినొకరు దులుపుకోవాలి. ఇటు అలివేణి. అటు పెళ్ళికొడుకు తమ్ముడు ఏడుకొండలు.

రికార్డులో పాతికేళ్ళ అలివేణి గొంతు గట్టిగా వినిపించింది. "బావగారికి ఇంకో గారె వెయ్యండర్రా. పాపం, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు." ఖాళీ. "పదిహేడు తప్ప."

గుడారమంతా ఘొల్లుమంది. నసీమా తనకు తెలియకుండానే నవ్వింది. నవ్వి, గంట వినపడలేదే అని చుట్టూ చూసింది.

"ఇప్పుడు చూడు," అని అలివేణి తెర మీద ఆ మాట గీతలు పరిచింది. "ఊపిరి ఎక్కడ తీసుకున్నాను? 'పాపం'కి ముందు. 'పదిహేడు'కి ముందు తీసుకుని ఉంటే ఆ చప్పుడుకి ఏదో రాబోతోందని తెలిసిపోయేది. 'తినలేదు' దగ్గర గొంతు కిందికి దిగింది, చూశావా? మాట అయిపోయింది అనడానికి గుర్తది. వినేవాళ్ళు అయ్యో పాపం అనుకోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అంతసేపే ఆగాలి."

నసీమా కొలిచింది. "అర సెకను కూడా పూర్తిగా లేదక్కా! నేను ఇంకా చాలాసేపు ఆగారనుకున్నాను."

"అందరూ అలాగే అనుకుంటారు. మాట ముందు ఆగింది నిజానికి కొంచెమే. ఒకరి మాట అవగానే ఇంకొకరు అందుకోవడానికి సెకనులో ఐదో వంతు చాలు. గొంతు దించేసి నేను ఒక సెకను ఊరుకుంటే, ఎవరో ఒకరు 'అయ్యో, రెండు గారెలు వెయ్యండి' అనేస్తారు. అప్పుడు నా పదిహేడు ఏమవుతాయి? అదే గొంతు దించకుండా సమంగా పట్టుకుంటే, ఇంకా ఉంది, అడ్డు రాకండి అని అర్థం. అప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు ఆగొచ్చు. కానీ మరీ ఆగితే వినేవాళ్ళే ఊహించేస్తారు. ఊహకు అందిన చురక చచ్చిన చురకే."

"మరి ఇదే రాసి పంపిస్తే?"

అలివేణి పలక మీద రాసింది. 'పాపం, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు, పదిహేడు తప్ప.'

"నీ కన్ను ఎక్కడ పడింది?"

"పదిహేడు మీద," అంది నసీమా. "మొదట్లోనే పడింది."

"మరి! చెవి వరస తప్పకుండా వింటుంది. కన్ను వరసలో నడవదు, ముందుకు దూకుతుంది. మాట చెప్పేటప్పుడు వేగం నా చేతిలో, చదివేటప్పుడు నీ చేతిలో. మధ్యలో మూడు చుక్కలు పెడితే ఇంకా దండగ, అవి మన పసుపు గంటే. ఏదో రాబోతోందని ముందే చాటింపు వేస్తాయి. రాసి కుట్టాలంటే ఆ మాటను కన్నుకి అందకుండా దాచాలి. తరవాతి పేజీలో పెట్టాలి, లేకపోతే కొత్త పేరాలో. ఇంకోటి కూడా ఉంది." ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "నోటితో అన్నది నవ్వుతోపాటే గాలిలో పోతుంది. రాసింది పోదు. రోజూ తీసి చదువుకోవచ్చు. చదివినప్పుడల్లా మన కోపం గొంతుతోనే చదువుకుంటాం."

రికార్డు ఇంకా నడుస్తోంది. గుడారంలో నవ్వు లేచింది, పైకి వెళ్ళింది, తగ్గుముఖం పట్టింది. పూర్తిగా చల్లారక ముందే ఒక మగ గొంతు నింపాదిగా అందుకుంది. "పదిహేడని సరిగ్గా చెప్పిందంటే," అని ఆగింది. గొంతు దిగలేదు, సమంగా ఉంది. "పిల్ల పొద్దుటి నుంచీ నన్నే చూస్తోందన్నమాట."

ఈసారి నవ్వుల్లో అన్నిటికంటే పైన వినిపించింది అలివేణి నవ్వే. ఎంత నవ్విందంటే, అక్క పెళ్ళిపీటల మీద నుంచి లేచి వచ్చి మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. నాలుగు నెలలకు అదే గుడారంలో ఆవిడకూ ఏడుకొండలుకూ పెళ్ళయింది.

"ఆయన ఇప్పుడు ఎక్కడున్నారక్కా?" అంది నసీమా.

"గనిలో," అని అలివేణి రికార్డు ఆపేసింది.

జరిగింది ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. అంగారకుడి ఏళ్ళు అవి, భూమి లెక్కలో అయితే పదిహేడు. మౌనహరణి ప్రారంభోత్సవం. మొదటి మాట యంత్రం చేసినావిడ భర్తే చెప్పాలని సంఘం తీర్మానించింది. ఏడుకొండలు మర్నాడు పన్నెండు వందల కిలోమీటర్ల దూరంలోని గనికి ఏడాది పని మీద వెళ్ళాల్సి ఉంది. అతను బయల్దేరే గది నుంచి మాట్లాడాడు. అలివేణి యంత్రం గదిలో, మిగతా పదకొండు వందల మంది ఎవరి గదుల్లో వాళ్ళు, చెవులు రిక్కించి విన్నారు.

వాళ్ళకు వినిపించింది ఇది: "అందరికీ నమస్కారం మా ఆవిడ చేసిన ఈ యంత్రం మాటల్లో అనవసరమైనదంతా తీసేస్తుందట మూడేళ్ళు ఈవిడతో కాపురం చేసినవాణ్ణి ఇక ఈవిడ మాట్లాడితే ఏం మిగులుతుందో అందుకే రేపు గనికి పోతున్నాను ఉంటాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి చోటేదీ? ఒక మగాడు నలుగురిలో పెళ్ళాన్ని తీసిపారేసి, అందుకే వదిలి పోతున్నానని ప్రకటించినట్టుంది. అలివేణి చెవి నుంచి యంత్రం తీసేసింది. అమ్మలక్కలు ఓదార్చడానికి వచ్చారు. వాళ్ళ జాలి ఆవిణ్ణి ఇంకా దహించింది. ఏడుకొండలు దారిలోనుంచి ఉత్తరం రాశాడు, 'మూడేళ్ళు ఈవిడతో కాపురం చేసినవాణ్ణి... ఇక ఈవిడ మాట్లాడితే ఏం మిగులుతుందో! అని వెటకారానికి అన్నానే వేణీ' అని. రాసేసరికి అది మరీ ఘోరంగా కనిపించింది. ఆవిడ దాన్ని వందసార్లు చదివింది. తరవాత అతను మాట పంపించాడు, క్షమించమని. ఎక్కడా ఆగకుండా, తడబడకుండా గడగడా వచ్చిన క్షమాపణ అది. ఎవరో రాసిచ్చింది చదివినట్టుంది. నాకు ఇక ఫోను చెయ్యకు అని ఆవిడ ఒక్క ముక్క పంపింది. అతను చెయ్యలేదు. ఏడాది కోసం వెళ్ళినవాడు తిరిగి రానూ లేదు.

రోషం ఇద్దరికీ ఉంది. పైగా, నిజం చెప్పొద్దూ, ఆ మాటలో ఖాళీ పోయిందేమోనన్న అనుమానం ఆవిడకు రెండో నెలలోనే వచ్చింది. కానీ విప్పి చూస్తే? చూశాక అక్కడ ఏ ఖాళీ లేకపోతే? అప్పుడిక అనుకోవడానికి కూడా ఏమీ మిగలదు. అందుకని తొమ్మిదేళ్ళు చూడలేదు.

నసీమాకి ఇదేమీ తెలియదు. అది మర్నాడు పొద్దున్నే వచ్చి, "అక్కా, ఒక చిట్కా దొరికింది," అంది. "మీ మౌనహరణి నిశ్శబ్దం పొట్లాలు పారేసినా, మిగిలిన ప్రతి పొట్లం మీదా కాలముద్ర వేస్తుంది కదా, వరస తప్పకుండా. పాత మాటలన్నీ భాండాగారంలో ఉన్నాయి. ఒక పొట్లం ముద్రకీ తరవాతిదాని ముద్రకీ మధ్య ఎంత తేడా ఉంటే అంత ఖాళీ పోయిందని అర్థం. తిరిగి పెట్టెయ్యొచ్చు! అన్నిటికంటే మొదటి ఫైలు తీసి చూశాను, బాగా వచ్చింది."

అలివేణి ఆపమనే లోపే అది మీట నొక్కేసింది.

"మూడేళ్ళు ఈవిడతో కాపురం చేసినవాణ్ణి." కొంచెం ఖాళీ, అర సెకను పైన. "ఇక ఈవిడ మాట్లాడితే ఏం మిగులుతుందో!"

ఆ తరవాత పెద్ద ఖాళీ. ఆ తరవాత మెత్తగా, నవ్వు ఆపుకుంటున్న గొంతుతో, "అందుకే రేపు గనికి పోతున్నాను." మళ్ళీ ఖాళీ. "ఉంటాను." వెళ్ళలేక చెప్పినట్టుంది ఆ ఉంటాను.

అలివేణి కుర్చీలో కూలబడింది. అది పచ్చి వెటకారం. పెళ్ళిలో గారెల మీద అన్నదానికి అచ్చం చెల్లెలు. ఆగడం కూడా అదే తీరుగా ఆగాడు. ఆ ఖాళీలను తన చేత్తో తనే ఏరి పారేసింది. అయ్యో, అయ్యో అనుకుంది. నసీమా ఎదురుగా ఉందని కూడా చూడకుండా ఏడ్చేసింది. తరవాత సంగతంతా చెప్పింది.

నసీమా గీతల మీదికి వంగి కొలిచింది. "అక్కా, ముందు ఖాళీ సరే. ఈ రెండోది మూడున్నర సెకన్లు ఉంది. బొత్తం నొక్కి పట్టుకుని, అవతలి వాళ్ళు ఎవరూ వినపడకుండా, ఇంతసేపు ఎవరైనా ఊరికే ఆగుతారా? ఆయన ఏదో అనుంటారు. మరీ మెల్లగా అన్న మాటను కూడా మౌనహరణి నిశ్శబ్దం కిందే లెక్కేసి పారేస్తుంది కదా."

అది నిజం. గుసగుసకీ నిశ్శబ్దానికీ ఆ యంత్రానికి తేడా తెలియదు. పొడవు తిరిగి వస్తుంది గానీ అందులో ఉన్నది రాదు.

అప్పటి నుంచి అలివేణికి ఆ మూడున్నర సెకన్లే లోకమైపోయాయి. అన్నం తింటూ, గోపురం తీగలు సరిచేస్తూ, ఆ ఖాళీలో ఒక్కో మాట పెట్టి చూసుకునేది. 'నువ్వు లేకుండా ఎలా ఉంటానే' అన్నది పట్టింది. 'బెంగెట్టుకోకు వేణీ, ఏడాదేగా' అన్నది కూడా పట్టింది. నలభై అయిదేళ్ళు దాటిన మనిషి, నలుగురికి పాఠం చెప్పే ఇంజనీరు, రికార్డు పెట్టె ముందు కూర్చుని భర్త అన్నాడో లేదో తెలియని మాటలు కొలుచుకుంటూ ఉండిపోయింది. అతని గొంతు వినాలని ఎంత ఉందో ఆవిడకు అప్పుడు తెలిసింది.

అతనికే ఫోను చేసి అడగొచ్చు. కానీ మౌనహరణి గుండా కాదు. విరామవాహిని పెట్టాకే చేస్తానని పంతం పట్టింది.

విరామవాహినిని వారం రోజులు ప్రయోగాత్మకంగా పెట్టారు. మొదటి రోజు ఊరంతా పండగ. రెండో రోజు అందరూ మౌనంగా ఉన్నారు. మూడో రోజు నుంచి ఫిర్యాదులు. అంతవరకూ 'కూర ఎలా ఉంది?' అని అడిగితే 'బాగుంది' అని తక్షణం వచ్చేది. ఇప్పుడు ఆ రెంటి మధ్యా ఒక సెకనున్నర వినిపిస్తోంది. 'నా పని మీకు నచ్చిందా?' అని అడిగిన గుమాస్తాకి పై అధికారి ఊపిరి వినిపిస్తోంది. పెళ్ళి కుదిరిన ఒక జంట 'నీకు ఇష్టమేగా' దగ్గర విడిపోయింది.

ఐదో రోజు సంఘాధ్యక్షుడు చిట్టిబాబుగారు స్వయంగా ప్రయోగశాలకు వచ్చాడు. పెద్దాయన, మంచివాడు, మొహం వాడిపోయి ఉంది.

"అలివేణమ్మా, ఇది తీసేద్దామని తీర్మానం అయిపోయిందమ్మా. రేపు సాయంత్రం ఆరింటికి పాతదే పెట్టేస్తున్నాం."

"అదేంటండీ! వారమైనా పూర్తిగా చూడకుండానే?"

"చూసిందే ఎక్కువైంది." ఆయన శిరస్త్రాణం చేతుల్లో తిప్పాడు. "పెళ్ళయి నలభై ఏళ్ళయిందని మా ఆవిణ్ణి సరదాకి అడిగానమ్మా, మళ్ళీ జన్మంటూ ఉంటే నన్నే చేసుకుంటావా అని. నాలుగు సెకన్లు. తరవాత చేసుకుంటానంది అనుకో. కానీ ఆ నాలుగు సెకన్లూ నన్ను పడుకోనివ్వడం లేదు. మాటలకి తట్టుకోగలం గానీ, ఇది మా వల్ల కాదు."

"ఆవిడ ఆ నాలుగు సెకన్లు ఏం చేశారో అడిగారా?"

"అమ్మో," అన్నాడాయన. "అడగడమే?"

అలివేణికి ఆ భయం తెలుసు. తొమ్మిదేళ్ళు తను చేసిందీ అదే కదా.

రోజూ వాయిదా వేస్తూ వచ్చి, మర్నాడు సాయంత్రం ఆరుకి నాలుగు నిమిషాలుండగా గని నంబరు కలిపింది. మీట దగ్గర నసీమా నిలబడింది. తీర్మానం ప్రకారం ఆరయ్యేసరికి లైను దానంతటదే తెగిపోతుంది. బయట పొద్దుగూకే వేళ, సొరంగం కప్పులోని చిన్న కిటికీలో అంగారకుడి సాయంకాలపు ఆకాశం నీలంగా మారుతోంది.

"ఎవరూ?" అంది అవతలి గొంతు. కొంచెం ముదిరింది, అంతే.

"నేనే."

రెండు సెకన్లు. ఆవిడ అలవాటుకొద్దీ కొలిచింది.

"వేణీ," అన్నాడు ఏడుకొండలు. "లైన్లో ఏదో తేడాగా ఉందే. ఖాళీ ఖాళీగా వినిపిస్తోంది."

"ఆ ఖాళీయే బావా నేను కొత్తగా చేసింది."

"అలాగా. తీసేసిందీ నువ్వే, పెట్టిందీ నువ్వే."

గంట మోగలేదు. మోగక్కర్లేకపోయింది. ఎన్నేళ్ళయింది ఎవరైనా తనను ఇలా అని! బాగున్నావా, తిన్నావా అని అడగాలని ఉంది. నన్నెందుకు అంత సులువుగా వదిలేశావని దెబ్బలాడాలని ఉంది. గడియారంలో రెండు నిమిషాలే ఉన్నాయి.

"బావా, ఒకటి అడుగుతాను. ప్రారంభోత్సవం నాడు 'ఏం మిగులుతుందో' అన్నాక మూడున్నర సెకన్లు ఆగావు. అప్పుడు ఏమన్నావు?"

"ఏమీ అనలేదే."

"మెల్లగా కూడా?"

"లేదే. నోరు మూసుకుని కూర్చున్నాను."

రెండు నెలలుగా ఆ ఖాళీలో దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే కోపమై పైకొచ్చింది.

"మరెందుకు ఆగావు? నీకేం వినపడదు కదా అక్కడ! ఎదురుగా ఎవరూ లేని గదిలో, బొత్తం నొక్కి పట్టుకుని, ఎవరి కోసం ఆగావు?"

గని యంత్రాల హోరు దూరంగా వినిపించింది.

"నువ్వు నవ్వే చోటు కదే అది," అన్నాడు. "నువ్వు నవ్వుతుండగా మాట్లాడితే నా మాట మునిగిపోదూ? నాకు వినపడకపోయినా నువ్వు నవ్వుతావని తెలుసుగా. అందుకని అంత జాగా వదిలిపెట్టాను."

అలివేణి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ రోజు తను నవ్వనే లేదు. తన నవ్వు కోసం అతను వదిలిన జాగాను తనే కోసి పారేసి, నవ్వడానికి చోటు లేదని తొమ్మిదేళ్ళు ఏడ్చింది.

"మూడున్నరే ఎందుకు?" అంది, మాట కూడదీసుకుని.

"నీ నవ్వు సరిగ్గా అంతే ఉంటుంది," అన్నాడు.

ఆరయింది. లైను తెగిపోయింది.

నసీమా గబగబా పెళ్ళి రికార్డు తీసింది. 'నన్నే చూస్తోందన్నమాట' తరవాత లేచిన నవ్వుల్లోంచి అలివేణి నవ్వును విడదీసి కొలిచింది. మూడున్నర సెకన్లు, వెంట్రుకవాసి అటూ ఇటూ.

"చివరి మాట ఇంకోసారి పెట్టు," అంది అలివేణి.

'నీ నవ్వు సరిగ్గా అంతే ఉంటుంది.'

"గీత చూడు. గొంతు దిగిందా?"

నసీమా వంగి చూసింది. "లేదక్కా. సమంగా ఉంది. అంటే, ఇంకా ఏదో ఉంది! ఆయన ఇంకా పూర్తి చెయ్యలేదు!"

"ఊఁ. ఏదో దాచుకున్నాడు వెధవ," అని అలివేణి లేచింది. "సామాన్ల బండి గనికి ఎప్పుడు?"

"రేపు పొద్దున్న. కానీ నాలుగు రోజుల ప్రయాణం అక్కా. ఫోను చేసి అడగొచ్చుగా?"

"మౌనహరణిలోనా? లేక రాసి పంపమంటావా, మూడు చుక్కలు పెట్టి?"

నసీమా నవ్వింది. గంట లేకుండా నవ్వడం దానికి అప్పటికి బాగానే అలవాటైంది.

నాలుగు రోజులు ఎర్ర దుమ్ములో కుదుపులు తింటూ వెళ్ళింది అలివేణి. విరామం మరీ ఎక్కువైతే వినేవాళ్ళు ఊహించేస్తారు, ఊహకు అందిన చురక చచ్చిన చురకే అని తను చెప్పిన పాఠం గుర్తొచ్చింది. నాలుగు రోజులూ ఊహించింది. ఏమీ తోచలేదు. తోచనందుకు సంతోషించింది. మొహం మీద ముడతలు చూసి ఏమనుకుంటాడో అని భయపడింది. అసలు తలుపు దగ్గరికి వస్తాడా అని ఇంకా భయపడింది.

వచ్చాడు. గని లోపలి తలుపు తెరుచుకునేసరికి ఏడుకొండలు ఎదురుగా నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, పొట్ట తగ్గింది. కుడిచేతిలో ఎందుకో ఒక గ్లాసు నిండా మంచినీళ్ళు పట్టుకుని ఉన్నాడు. అలివేణి శిరస్త్రాణం తీసేసింది. ఇద్దరి మధ్యా వల లేదు, యంత్రం లేదు, మామూలు గాలి ఉంది. ఎలా ఉన్నావని అతను అడగలేదు. ఆవిడ మొహం తేరిపార చూసి, నాలుగు రోజుల కింద ఆపిన గొంతుతోనే, ఆపిన చోటి నుంచే అందుకున్నాడు.

"తరవాత ఎక్కిళ్ళు మొదలవుతాయి."

అలివేణి నవ్వింది. తల వెనక్కి వాల్చి, గని గోడలు మార్మోగేలా నవ్వింది. అతను మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా ఆగాడు. సరిగ్గా మూడున్నర సెకన్లకు ఆవిడకు మొదటి ఎక్కిలి వచ్చింది, ఏడుకొండలు గ్లాసు అందించాడు.